స్కాలర్‌షిప్ వ్యాసంలో ఇంటి ఇబ్బంది ఎలా రాయాలి? ఒక పొగాకు కౌలు రైతు ఇంటి లెక్కతో

జ్ఞానభూమిలోనో నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లోనో దరఖాస్తు పెట్టేటప్పుడు ఆదాయ ధ్రువపత్రం, రైస్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ లాంటి కాగితాలతో పని అయిపోతుంది. మీ ఇంటి సంగతి వాక్యాల్లో చెప్పమని ఎవరూ అడగరు. ప్రైవేటు ట్రస్టులు, కంపెనీల ఫౌండేషన్లు, కొన్ని ప్రైవేటు యూనివర్సిటీలు అలా కాదు. ‘మీ కుటుంబ ఆర్థిక పరిస్థితి వివరించండి, ఈ సాయం మీకు ఎందుకు కావాలో చెప్పండి’ అని ఓ ఐదు వందల మాటలకు చోటిస్తాయి. మన పిల్లలకు టెన్షన్ మొదలయ్యేది అక్కడే.

ఒంగోలు చుట్టుపక్కల పిల్లలు ఇలాంటి వ్యాసాలు రాసి చూపిస్తే నేను చదివి పెడుతుంటాను. ఎక్కువగా రెండు రకాలు కనిపిస్తాయి. కొందరు సిగ్గుపడి ‘మాది మధ్యతరగతి కుటుంబం, కొంత ఇబ్బందిగా ఉంది’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అవసరం ఉన్నట్టే తెలియదు. ఇంకొందరు ‘కటిక పేదరికం’, ‘రెక్కాడితే గాని డొక్కాడదు’, ‘అమ్మ కన్నీళ్లు’ అంటూ పేజీ నింపుతారు. బాధ ఉందని తెలుస్తుంది గానీ, ఎంత డబ్బు తక్కువ పడుతోందో మాత్రం తెలియదు. ఆ పేజీని నాలుగు రోజుల తర్వాత మళ్లీ చదివితే రాసిన పిల్లకే తల వంచుకోవాలనిపిస్తుంది.

చదివేవాళ్ల వైపు నుంచి చూడండి. బెంగళూరులోనో ముంబైలోనో కూర్చున్న ఒకామె ముందు ఇలాంటి వ్యాసాల కట్ట ఉంటుంది. ఆమెకు తెలియాల్సింది రెండే సంగతులు. ఈ పిల్ల చదువుకు ఏటా ఎంత తక్కువ పడుతోంది? ఆ మొత్తం మేం ఇస్తే చదువు మధ్యలో ఆగకుండా సాగుతుందా? ‘నిరుపేద’ అనే మాట ఆ కట్టలో దాదాపు ప్రతి కాగితం మీదా ఉంటుంది కాబట్టి దానితో ఆమె ఏమీ తేల్చుకోలేదు. లెక్క మాత్రం ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంటుంది. మీ మర్యాద నిలబడేదీ, మీ అవసరం తెలిసేదీ ఆ లెక్కతోనే. అందుకని వ్యాసం పని పెన్ను పట్టి మొదటి వాక్యం కోసం వెతకడంతో కాకుండా ఒక తెల్లకాగితం మీద కూడికలు, తీసివేతలతో మొదలుపెట్టాలి.

మొదట లెక్క

ఒక అమ్మాయిని ఊహించుకుందాం. ఊరు టంగుటూరు దగ్గర. నాన్న నాలుగెకరాలు కౌలుకు తీసుకుని వర్జీనియా పొగాకు వేస్తారు. ఆకును వేడికి ఆరబెట్టి క్యూరింగ్ చేసే బ్యారన్ కూడా అద్దెదే. అమ్మ సీజన్‌లో పొగాకు గ్రేడింగ్ పనికి వెళ్తుంది. తమ్ముడు హైస్కూల్లో ఉన్నాడు. అమ్మాయికి విజయవాడలో ఇంజనీరింగ్ సీటు వచ్చింది. కింది అంకెలు లెక్క చూపించడానికి వేసినవి, మీ ఇంటి అంకెలు మీరు వేసుకోవాలి.

నాన్నను కూర్చోబెట్టి అడిగితే ముందు వచ్చే జవాబు ‘పోయినేడు ఐదు లక్షల పొగాకు అమ్మాం’ అని. చాలా మంది పిల్లలు ఆ ఐదు లక్షలే కుటుంబ ఆదాయమని రాసేస్తారు, లేదంటే భయపడి అసలు ఆ సంగతే ఎత్తరు. రెండూ తప్పే. అది అమ్మకం. అందులోంచి కౌలు, బ్యారన్ అద్దె, నారు, ఎరువులు, ఆకు కొట్టే కూలీలు, క్యూరింగ్‌కు కట్టెలు, వేలం కేంద్రానికి బేళ్లు తోలిన బాడుగ, అన్నీ తీసేయాలి. మన లెక్కలో 24 క్వింటాళ్లు, కిలోకు సగటున 210 రూపాయలు పడిందనుకుంటే అమ్మకం 5,04,000. ఖర్చులన్నీ కలిపి 4,30,000. చేతిలో మిగిలింది 74,000. అమ్మ కూలి, నెలకు 20 రోజుల చొప్పున నాలుగు నెలలు, రోజుకు 350 వేసుకుంటే 28,000. రెండూ కలిపి 1,02,000.

దీన్లోంచి వడ్డీ పోవాలి. ఇంటి మీద 1,50,000 అప్పుంది, రెండు రూపాయల వడ్డీ. అంటే నెలకు 3,000, ఏడాదికి 36,000. ఇక ఆ ఇంటికి ఏడాది మొత్తానికీ మిగిలేది 66,000.

ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త. ‘రెండు రూపాయల వడ్డీ’ అంటే మనకు చిన్నప్పట్నుంచీ తెలుసు, నెలకు నూటికి రెండు. బ్యాంకు లోన్లు మాత్రమే తెలిసిన మనిషికి ‘రెండు శాతం వడ్డీ’ అని రాసిస్తే ఏడాదికి రెండు శాతం అనుకుంటారు, ఇంత చవక అప్పుకు ఇబ్బందేమిటని ఆశ్చర్యపోతారు. ‘నెలకు రెండు శాతం, అంటే ఏడాదికి 24 శాతం’ అని పూర్తిగా రాయండి.

ఇప్పుడు కాలేజీ వైపు. ట్యూషన్ ఫీజు రీయింబర్స్‌మెంట్‌లో పోతుందనుకుందాం. అది కాక హాస్టల్, మెస్ 85,000. పుస్తకాలు, పరీక్ష ఫీజులు, రాకపోకలు 15,000. మొత్తం లక్ష. హాస్టల్ ఖర్చుకు ప్రభుత్వం నుంచి 20,000 వస్తుంది. ఇంట్లోవాళ్లు నెలకు రెండు వేల చొప్పున 24,000 ఇవ్వగలరు. వేసవిలో చుట్టుపక్కల పిల్లలకు లెక్కలు చెప్పి తను 6,000 సంపాదిస్తుంది. ఈ యాభై వేలు పోగా ఇంకో 50,000 తక్కువ పడుతుంది.

వ్యాసానికి వెన్నెముక ఈ 50,000. మిగిలిందంతా ఈ అంకె ఎందుకొచ్చిందో చెప్పేదే.

రీయింబర్స్‌మెంట్ వస్తున్న సంగతి దాచిపెట్టమని సలహా ఇచ్చేవాళ్లు ఊళ్లో తప్పకుండా ఉంటారు. వినకండి. కాలేజీ ఫీజు పత్రం అడిగితే బయటపడే విషయమది. పైగా ‘ట్యూషన్ ఫీజు ప్రభుత్వం చూసుకుంటుంది, నాకు తక్కువ పడేది హాస్టల్ దగ్గర’ అని రాసిన పిల్ల తన పరిస్థితి తనకు తెలిసిన మనిషిలా కనిపిస్తుంది. ప్రభుత్వ సాయం తీసుకునేవాళ్లకు ఇవ్వబోమని కొన్ని ట్రస్టులు నిబంధన పెడతాయి. అది ముందే చదువుకుంటే అక్కడ రాసే శ్రమ తప్పుతుంది.

రొయ్యల చెరువులున్న ఇళ్ల పిల్లలకు ఈ అమ్మకం, ఆదాయం తేడా మరీ ముఖ్యం. కౌలు చెరువులో వనామీ పట్టుబడికి వచ్చిన మొత్తం చూస్తే బయటివాళ్లకు కళ్లు తిరుగుతాయి. అందులో మేత డీలర్ అప్పు, సీడు, కరెంటు, ఏరియేటర్ల డీజిల్ పోయాక ఎంత మిగిలిందో ఇంట్లోవాళ్లకే తెలుసు. అమ్మకం అంకె ఎక్కడైనా రాయాల్సి వస్తే దాని పక్కనే ఖర్చు అంకె కూడా ఉండాలి, వేరే పేజీలో ఉంటే లాభం లేదు.

లెక్కకూ కాగితాలకూ పొత్తు

సచివాలయం ద్వారా తెచ్చుకున్న ఆదాయ ధ్రువపత్రంలో ఒక అంకె ఉంటుంది. వ్యాసంలో మీరు రాసే ఆదాయం దానికి దగ్గరగా ఉండాలి. మన అమ్మాయి పత్రంలో లక్ష ఉందనుకుంటే, లెక్కలో వచ్చిన 1,02,000తో గొడవ లేదు. పత్రంలో 60,000 ఉండి, వ్యాసంలో ‘ఇంటి ఖర్చులకు నెలకు పదిహేను వేలు అవుతాయి’ అని రాస్తే చదివేవాళ్లు అక్కడే ఆగిపోతారు. ఏడాదికి 60,000 వచ్చే ఇంట్లో 1,80,000 ఎలా ఖర్చవుతుంది? అప్పుతో అయితే అప్పుతో అని రాయాలి. పత్రంలోని అంకె పాతదైతే ఆ మాటా రాయాలి. అబద్ధం చెప్పకపోయినా చెప్పినట్టు కనిపించేది ఇలాంటి చోట్లే.

కౌలు రైతుల పిల్లలకు ఇంకో చిక్కుంది. పొలం నాన్న పేరు మీద ఉండదు. కౌలు రైతు కార్డు కావాలంటే భూమి యజమాని ఒప్పుకోవాలి, చాలా మంది ఒప్పుకోరు. పొగాకులో ఇంకాస్త ఎక్కువ. పొగాకు బోర్డు దగ్గర బ్యారన్ ఎవరి పేరుతో రిజిస్టరై ఉంటే వాళ్ల పేరుతోనే వేలంలో అమ్మకం జరుగుతుంది కాబట్టి, అద్దె బ్యారన్ అయితే చీటీలు యజమాని పేరుతోనే వస్తాయి. అంటే నాన్న పండించినట్టు చూపించే కాగితం ఒక్కటీ ఇంట్లో ఉండకపోవచ్చు. దీన్ని దాటేయడానికి కొందరు ‘నాన్న వ్యవసాయ కూలీ’ అని రాసేస్తారు. రేపు ఇంటర్వ్యూలో ‘మీ నాన్న ఏ పంట వేస్తారు’ అని అడిగితే తడబడతారు. సూటిగా రాసేయండి: ‘నాన్న కౌలు రైతు. పొలం, బ్యారన్ యజమాని పేరు మీద ఉన్నందున అమ్మకం రసీదులు నాన్న పేరుతో ఉండవు. ఆదాయ ధ్రువపత్రం జతచేశాను.’ రెండు మూడు వాక్యాలతో అనుమానం తీరిపోతుంది.

ఇప్పుడు రాయడం

ముందు అసలు విషయంలో ఒక నమూనా చూద్దాం. ఇలాంటి పేరా నా ముందుకు తరచూ వస్తుంది:

‘నేను చాలా నిరుపేద కుటుంబంలో పుట్టాను. మా నాన్న పొగాకు రైతు. ఆయన రాత్రింబవళ్లు కష్టపడినా పంటకు గిట్టుబాటు ధర రాదు. తుపాను వచ్చి మమ్మల్ని నడిరోడ్డున పడేసింది. అప్పులవాళ్లు ఇంటి చుట్టూ తిరుగుతున్నారు. అమ్మ ఏడవని రోజు లేదు. మీరు దయతలచి ఈ స్కాలర్‌షిప్ ఇస్తే మీ రుణం తీర్చుకోలేను.’

దీన్లో అబద్ధం ఒక్కటీ ఉండకపోవచ్చు. కానీ చదివినామెకు ఏం తెలిసింది? ఏ తుపాను? ఎంత పోయింది? అప్పు ఎంత? అమ్మాయి ఏం చదువుతోంది? ఏమీ తెలియలేదు. ఆఖరి వాక్యమైతే బిచ్చమడిగినట్టుంది. స్కాలర్‌షిప్ పెట్టినవాళ్లు చదువు కోసం ఇవ్వడానికే ఆ డబ్బు పక్కన పెట్టారు. అర్హత ఉంటే దరఖాస్తు చేసుకుంటున్నారు, అంతే. ‘దయతలచి’ అనే మాట ఎక్కడుంటే అక్కడ కొట్టేయండి, వాక్యానికి లోటేమీ రాదు.

అదే ఇల్లు, అదే కష్టం, ఇలా రాయొచ్చు:

‘ప్రకాశం జిల్లాలోని మా ఊళ్లో నాన్న నాలుగెకరాలు కౌలుకు తీసుకుని పొగాకు సాగు చేస్తారు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వానకు నాటిన మొక్క నీళ్లలో కుళ్లిపోయింది. నాన్న మళ్లీ నారు కొని నాటారు. ఒకే పంటకు రెండుసార్లు పెట్టుబడి పెట్టడం వల్ల మిగిలిన అప్పు ఇప్పటికి 1,50,000 రూపాయలు. వడ్డీ నెలకు రెండు శాతం, ఏడాదికి 36,000. సాగు ఖర్చులు, వడ్డీ పోను, అమ్మ కూలితో కలిపి మా ఇంటికి ఏడాదికి 66,000 మిగులుతుంది. అందులోంచి అమ్మానాన్నలు నా చదువుకు 24,000 పక్కన పెడుతున్నారు. మిగిలిన 42,000తో, అంటే నెలకు 3,500తో, వాళ్లిద్దరూ తమ్ముడూ గడుపుకుంటారు.’

ఎక్కడా ‘పేద’ అన్న మాట లేదు. నెలకు 3,500 అన్న చోట చదివేవాళ్లకు అర్థమైపోతుంది. ఆ అంకె పక్కన ‘ఎంతో దుర్భరంగా’ అని తగిలించబోతే ఆపుకోండి, బరువు తగ్గిపోతుంది. ఇంకొకటి గమనించండి. ‘నడిరోడ్డున పడేసింది’ అన్న చోట నాన్న నిస్సహాయుడు. ‘మళ్లీ నారు కొని నాటారు’ అన్న చోట నాన్న ఒక పని చేసిన మనిషి. కష్టాన్ని దాచకుండానే, ఆ కష్టంలో ఇంట్లోవాళ్లు ఏం చేశారో ఒక్క క్రియతో చెప్పేస్తే చాలు. ఆయన ఆ పేరా చదివినా చిన్నబుచ్చుకోరు.

తుపాను పేరు, నెల రాయడం వల్ల ఇంకో లాభం. మిచాంగ్ 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. కావాలనుకుంటే ఎవరైనా చూసుకోవచ్చు. ‘ప్రకృతి వైపరీత్యాలు’ అని రాస్తే ఎవరికీ ఏమీ దొరకదు.

మన దగ్గర అందరికీ తెలిసిన సంగతులు బయటివాళ్లకు తెలియవు. ‘మా బేళ్లు నోబిడ్ అయ్యాయి’ అని రాస్తే టంగుటూరులో అర్థమవుతుంది, ముంబైలో అర్థం కాదు. ‘వేలానికి తెచ్చిన బేళ్లలో కొన్నింటికి ఏ కంపెనీ ధర చెప్పలేదు, వాటిని వెనక్కి తెచ్చుకుని మరో రోజు మళ్లీ తీసుకెళ్లాల్సి వచ్చింది’ అని ఒక్క వాక్యంలో విప్పి చెప్పాలి. విప్పి చెప్పేంత అవసరం లేనిదైతే ఆ మాట మొత్తానికే తీసేయొచ్చు.

డబ్బు చేతికొచ్చే కాలం గురించి కూడా రెండు ముక్కలు రాయడం మంచిది. జీతం వచ్చే ఇళ్లవాళ్లకు ఇది తట్టదు. పొగాకు డబ్బు వేలం సాగే నెలల్లోనే వస్తుంది, వచ్చీ రాగానే పెట్టుబడి అప్పులకు పోతుంది. హాస్టల్ ఫీజు కట్టమనే జూలై, ఆగస్టుల్లో ఇంట్లో పైసా ఉండదు. అప్పుడే మళ్లీ కొత్త పంట పెట్టుబడికి వెతుకులాట. ‘హాస్టల్ మొదటి వాయిదా కట్టాల్సిన ఆగస్టు నాటికి మా ఇంట్లో పంట డబ్బు ఉండదు’ అన్న వాక్యం ఉంటే, సాయం ఎప్పుడు అందితే ఉపయోగమో ట్రస్టుకు తెలుస్తుంది.

ఏది రాయాలి, ఏది మీ చేతిలో లేదు

ఈ దశలో చాలా మంది పిల్లలు తెలియకుండా హద్దు దాటుతారు. నాన్న తాగుడు, అక్క కాపురం చెడిపోవడం, అమ్మ ఆపరేషన్, బాబాయితో ఆస్తి తగాదా, అన్నీ రాసేస్తారు. ఇవన్నీ ఇంటి డబ్బు మీద పడిన మాట నిజమే. కానీ అవి మీ ఒక్కరి సంగతులు కావు. ఆ కాగితం ట్రస్టు ఆఫీసులో ఎంతమంది చేతుల మీదుగా పోతుందో మీకు తెలియదు. ఎంపికైన పిల్లల కథలను వెబ్‌సైట్లో, వార్షిక నివేదికలో వేసుకునే సంస్థలు ఉన్నాయి. దరఖాస్తు చివర సన్న అక్షరాల్లో దానికి మీరు ఒప్పుకున్నట్టు కూడా ఉండొచ్చు, చూసుకోండి.

నేను చెప్పే పద్ధతి ఒకటే. ఎవరి గురించి రాశారో ఆ వాక్యాన్ని వాళ్లకు చదివి వినిపించండి. వ్యాసం ఇంగ్లిష్‌లో ఉంటే తెలుగులో చెప్పండి. అమ్మ ‘ఇది రాయకమ్మా’ అంటే తీసేయండి, బతిమాలొద్దు. తీసేస్తే అవసరం తెలియకుండా పోతుందేమోనన్న భయం వద్దు. డబ్బు వైపు నుంచి దాన్ని చెప్పే దారి దాదాపు ఎప్పుడూ ఉంటుంది. ‘కుటుంబంలో ఒకరి వైద్యానికి 2024లో 80,000 ఖర్చయింది’ అంటే చాలు, ఎవరికి ఏ జబ్బో అక్కర్లేదు. అక్క పెళ్లి అప్పు మిగిలి ఉంటే ‘కుటుంబ బాధ్యతల కోసం చేసిన అప్పు’ అని మొత్తం రాయొచ్చు. ఆ సందర్భంలో కట్నం ఊసెత్తి అక్కను ఇబ్బంది పెట్టే పని లేదు. అప్పు ఎంత ఉందన్నది మాత్రం ఉన్నదున్నట్టే ఉండాలి. వివరం తగ్గించొచ్చు, అంకె తగ్గించకూడదు.

నాన్న మీద కోపంతో రాసిన వాక్యాలు వేరే సంగతి. అవి ఎంత నిజమైనా ఈ కాగితంలో మీకు ఉపయోగపడవు. చదివేవాళ్ల చూపు మీ చదువు మీద నుంచి మీ ఇంటి గొడవ మీదకు పోతుంది.

మీ వంతు

లెక్క చెప్పే భాగం వ్యాసంలో మూడో వంతు దాటకుండా చూసుకోండి. ఐదు వందల మాటల్లో నూట యాభై మాటలు. మిగిలింది మీ గురించి. ఇక్కడ ‘నేను కష్టపడి చదివే విద్యార్థిని’ అని రాయడం, ‘పేద’ అని రాయడం లాంటిదే. చూపించాలి.

మన అమ్మాయి దగ్గర చూపించడానికి ఉంది. క్యూరింగ్ సాగేటప్పుడు బ్యారన్‌లో మంట రాత్రీ పగలూ నడవాలి. లోపలి వేడి ఒక్కసారిగా పెరగకూడదు, పడిపోకూడదు. గోడ సందులోంచి థర్మామీటర్ చూసి కట్టెలు వేస్తుండాలి. ఇంటర్ పరీక్షలు దగ్గరపడే ఫిబ్రవరిలో, నాన్న కునుకు తీసే వేళ ఆ పని తను చూసుకునేది, పక్కన బల్బు కింద ఫిజిక్స్ పుస్తకం పెట్టుకుని. ఇది రాయమంటే ఆ పిల్లలు ‘ఇది కూడా రాయాలా సార్, ఇది మామూలే కదా’ అంటారు. రాయాలి. ‘రాత్రి పన్నెండు నుంచి మూడు వరకు బ్యారన్ వేడి నేను చూసేదాన్ని. ఆకు పచ్చ నుంచి పసుపు రంగుకు తిరిగే దశలో వేడి పెంచితే రంగు చెడి గ్రేడ్ పడిపోతుంది. ఇంటర్‌లో ఉష్ణం పాఠం చదివేటప్పుడు నాకు తెలిసిన సంగతికి పుస్తకంలో పేరు దొరికింది’ అని రాస్తే, ఇంజనీరింగ్ ఎందుకన్న ప్రశ్నకు కూడా అందులోనే జవాబు వస్తుంది.

ఇందులో ‘ఇలా చదివినా ఇన్ని మార్కులు తెచ్చుకున్నాను’ అని విజయగాథ కట్టనక్కర్లేదు. మార్కుల మెమో ఎలాగూ జతపరుస్తారు. మార్కులు ఒక ఏడాది తగ్గి ఉంటే, అది ఈ పని వల్లే అయితే, ఆ ముక్క ఒకటి రాయండి. ఈ పని వల్ల కాకపోతే దాని మీద నెట్టకండి.

అడగడం

చాలా మంది అన్నీ రాసి అడగడం దగ్గర జారుకుంటారు. ‘ఈ స్కాలర్‌షిప్ నాకు ఎంతో ఉపయోగపడుతుంది’ అని ముగిస్తారు. అలా కాకుండా అంకెతో అడగాలి: ‘ప్రభుత్వ సాయం, ఇంట్లో ఇచ్చేది, నా ట్యూషన్ల సంపాదన పోను ఏడాదికి 50,000 తక్కువ పడుతోంది. మీ సాయం నా హాస్టల్, మెస్ ఖర్చుకు వాడతాను.’ అడగడం ఇంత సూటిగా ఉంటే సిగ్గుపడాల్సిన పని ఉండదు.

ట్రస్టు ఇచ్చేది 30,000 మాత్రమే అని ముందే తెలిస్తే, మిగిలిన 20,000 ఎలా చూసుకుంటారో ఒక వాక్యం ఉండాలి. హాస్టల్ బదులు నలుగురితో కలిసి గది తీసుకోవడమో, విద్యారుణమో, మీ ప్లాన్ ఏదైతే అది. ‘మీరు ఇవ్వకపోతే నా చదువు ఆగిపోతుంది’ అన్నది నిజంగా నిజమైతేనే రాయండి. నిజం కాకపోతే ఇంటర్వ్యూలో ‘అయితే ఇప్పుడు ఫీజు ఎలా కట్టారు’ అన్న ఒక్క ప్రశ్నకు కూలిపోతుంది. ఎక్కువ ఇళ్లలో జరిగేది చదువు ఆగిపోవడం కాదు, నాన్న ఇంకో అప్పు చేయడం. ‘మీ సాయం లేకపోతే ఈ 50,000 నాన్న ఏడాదికి 24 శాతం వడ్డీకి తేవాలి, నాలుగేళ్లూ అలాగే’ అని రాస్తే అది నిజం. బరువూ తగ్గదు.

పంపే ముందు

వ్యాసం ఇంగ్లిష్‌లో కావాలంటే ముందు తెలుగులో పైన చెప్పినట్టు చిన్న చిన్న వాక్యాల్లో రాసుకోండి. ఇంటర్నెట్ సెంటర్‌లో దొరికే పాత వ్యాసం ముందు పెట్టుకుని పేర్లు మార్చకండి. ఆ నమూనాలు చదివేవాళ్లకు మీకన్నా బాగా తెలుసు. విదేశీ కాలేజీలకైతే అంకెలు 1,50,000 అని కాకుండా 150,000 అని, రూపాయల్లో అని స్పష్టంగా రాయాలి. లక్ష అంటే వాళ్లకు తెలియదు. అమెరికా కాలేజీలకు వాడే కామన్ యాప్‌లో ప్రధాన వ్యాసానికి పరిమితి 650 మాటలు. ఇంటి ఆర్థిక వివరాలు చాలా కాలేజీలు వేరే ఫారాల్లో అడుగుతాయి కాబట్టి, అక్కడ ఈ లెక్కను వ్యాసంలోంచి తీసి ఆ ఫారంలో పెట్టి, వ్యాసాన్ని బ్యారన్ దగ్గరి రాత్రులకు వదిలేయండి. మన ట్రస్టుల ఫారాల్లో కూడా ఆర్థిక వివరాలకు వేరే కాలమ్ ఉంటే అంతే. రెండు చోట్లా అవే అంకెలు మళ్లీ రాస్తే చోటు వృథా.

రాసింది ఒకసారి అంకెలు మాత్రమే చూస్తూ చదవండి. ఆదాయం, ఖర్చు, అప్పు, తక్కువ పడేది, ఈ నాలుగూ ఒకదానితో ఒకటి కుదురుతున్నాయో లేదో కూడి చూడండి. ఇంకోసారి విశేషణాలు మాత్రమే చూస్తూ చదివి, ‘చాలా’, ‘ఎంతో’, ‘తీవ్రమైన’ లాంటివి కొట్టేయండి.

లెక్క రాసుకున్న ఆ తెల్లకాగితం పారేయకండి. ఇంటర్వ్యూ పిలుపు నెలల తర్వాత రావచ్చు. అప్పటికి కొత్త పంట వేలం అయిపోయి అంకెలు మారి ఉంటాయి. ‘దరఖాస్తులో 66,000 అని రాశాను, ఈ ఏడాది ధర కాస్త బాగుండి 80,000 మిగిలింది, అందులో అప్పు అసలు కొంత తీర్చాం’ అని మీరే ముందు చెప్పేయండి. ఫోన్లో ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఒక్కోసారి నాన్నతో కూడా మాట్లాడతామంటారు. మీరు వ్యాసంలో ఏ అంకెలు ఇచ్చారో ఆయనకు ఆ రోజు పొద్దున్నే ఒకసారి చదివి వినిపించండి, పొలం నుంచి వచ్చి ఫోన్ ఎత్తిన మనిషి మళ్లీ ‘ఐదు లక్షలు అమ్మాం’ దగ్గర మొదలుపెట్టకుండా.